వీడియో కాల్‌లో డాక్టరుకు నాన్నగారి రిపోర్టులు ఎలా చూపించాలి?

ప్రశ్న: మా నాన్నగారికి 67 ఏళ్లు. పన్నెండేళ్లుగా షుగరు, ఆరేళ్లుగా బీపీ. ఆయనా అమ్మా బాపట్ల దగ్గర పల్లెలో ఉంటారు, నేను బెంగళూరులో ఉద్యోగం. పోయిన నెల ఒక యాప్‌లో డాక్టరుగారితో వీడియో కాల్ బుక్ చేశాను. నా వాట్సాప్‌లో ఉన్న రిపోర్టుల ఫొటోలన్నీ, ఓ ముప్పై దాకా, అప్‌లోడ్ చేసేశాను. కాల్ పది నిమిషాలే. అందులో సగానికి పైగా ‘ఇది ఏ తేదీది? ఈ మందు ఇప్పుడు వాడుతున్నారా?’ అని అడగడంతోనే అయిపోయింది. చివరికి ‘ఇవి సరిగ్గా కనపడట్లేదు, కిడ్నీల పరీక్ష క్రియాటినిన్ పాతది ఉంటే పంపండి’ అన్నారు. చీటీ నా పేరు మీద వచ్చిందని ఊళ్లో మందుల షాపతను మందులు ఇవ్వనన్నాడు. ఇంట్లో చూస్తే సంచి నిండా చీటీలు. ఏది ఉంచాలి, ఏది పంపాలి, ఎలా పంపాలి? నాకైతే కాల్ అంటేనే టెన్షన్‌గా ఉంది. – ఒక కూతురు, బెంగళూరు

సమాధానం: అలాంటి కాల్‌లో అవతలి వైపు కూర్చునే డాక్టర్లలో నేనూ ఒకణ్ని. మీరు పెట్టిన ముప్పై ఫొటోలు మాకు ఎలా కనిపిస్తాయో ముందు చెబుతాను. IMG అని మొదలై WA0017.jpg, WA0018.jpg అంటూ ముగిసే పేర్లు వరసగా ఉంటాయి. ఆ పేరు చూస్తే లోపల ఏముందో తెలీదు. ఒక్కోటీ తెరవాలి, అడ్డంగా ఉంటే తిప్పాలి, పెద్దది చేసి తేదీ ఎక్కడుందో వెతకాలి. క్లినిక్‌లో అయితే మీరు ఫైలు చేతికిస్తారు, మీతో మాట్లాడుతూనే పేజీలు తిరగేసి కావలసిన కాగితం దగ్గర ఆగుతాను. స్క్రీన్ మీద ఆ వీలుండదు. రిపోర్టు తెరిచానంటే మీ నాన్నగారి ముఖం ఓ మూలకు పోతుంది, ఒక్కోసారి పూర్తిగా మాయమవుతుంది. మీ కాల్‌లో సగం టైము అలాగే పోయింది.

అసలు సంగతేమిటంటే, డాక్టరు మొదట వెతికేది రిపోర్టు కాదు. ఈ మనిషి ఇప్పుడు రోజూ ఏం మందులు మింగుతున్నాడు అన్నదే మొదటి ప్రశ్న. దానికి మీ సంచిలోని చీటీలు జవాబు చెప్పవు. చీటీలో రాసిన మందు వేరు, నోట్లోకి వెళ్లే మందు వేరు కావడం మేం రోజూ చూస్తాం. రాసిన మందు షాపులో దొరక్క వేరే కంపెనీది ఇచ్చి ఉంటారు. డోసు మార్చినా పాత స్ట్రిప్పు అయిపోలేదని అదీ వాడుతుంటారు. పక్కింటాయనకి పనిచేసిందని ఓ బిళ్ల వచ్చి చేరుతుంది. అందుకని సంచిని ప్రస్తుతానికి పక్కన పెట్టి స్ట్రిప్పులతో మొదలుపెట్టండి.

తీరిగ్గా ఉన్న ఒక సాయంత్రం అమ్మగారికి వీడియో కాల్ చేయండి. ఇంట్లో ఉన్న మందులన్నీ మంచం మీద దుప్పటి పరిచి దాని మీద పెట్టమనండి. మందుల డబ్బా ఒక్కటే సరిపోదు. ఫ్రిజ్ పైన, తలగడ పక్కన, నాన్నగారి చొక్కా జేబులో ఉన్నవి కూడా రావాలి. ఒక్కో స్ట్రిప్పు వెనక, అచ్చు ఉన్న వైపు ఫొటో తీయించండి. అందులో కంపెనీ పెట్టుకున్న పేరు ఒకటి ఉంటుంది, అది మనకు రెండో సంగతి. దానితో పాటు ఉండే అసలు మందు పేరు, మిల్లీగ్రాములు కావాలి. షాపులో స్ట్రిప్పు కత్తిరించి నాలుగు బిళ్లలు ఇస్తే ఆ పేరూ, గడువు తేదీ ఉన్న ముక్క వాళ్ల దగ్గరే ఉండిపోతుంది. ఇక నుంచి రోజూ వాడే మందులు ముక్కలుగా కాకుండా పూర్తి స్ట్రిప్పులుగానే కొనమని నాన్నగారికి చెప్పండి.

ఆ ఫొటోలు చూసి మీరే ఒక పట్టిక రాయండి. పన్నెండేళ్ల షుగరు, బీపీ, మోకాళ్ల నొప్పులు ఉన్న మనిషి ఇంట్లో మామూలుగా ఏం బయటపడతాయో ఒక ఉదాహరణగా రాస్తున్నాను. మీ నాన్నగారివి ఇవేనని కాదు.

1. మెట్‌ఫార్మిన్ 500 + గ్లిమిపిరైడ్ 1 – పొద్దున, రాత్రి – గుంటూరు డాక్టరు, ఆరు నెలల నుంచి
2. గ్లిమిపిరైడ్ 2 + మెట్‌ఫార్మిన్ 500 – పొద్దున – పాత చీటీలోది, మిగిలిందని వాడుతున్నారు
3. టెల్మిసార్టాన్ 40 – పొద్దున – నాలుగేళ్ల నుంచి
4. అటోర్వాస్టాటిన్ 10 – రాత్రి – వారంలో రెండు మూడు రోజులు మర్చిపోతారు
5. ఎసిక్లోఫెనాక్ + పారాసిటమాల్ – నొప్పి ఉన్నప్పుడు, అంటే దాదాపు రోజూ – ఊళ్లో ఆర్‌ఎంపీ ఇచ్చింది

ఈ అయిదు వరసల్లో డాక్టరుకు రెండు విషయాలు వెంటనే కళ్లబడతాయి. ఒకటీ రెండూ కంపెనీ పేర్లు వేరైనా లోపల ఒకే మందులు. అంటే గ్లిమిపిరైడ్ రెండు చోట్ల నుంచి పడుతోంది. ఆ మందు ఎక్కువైతే షుగరు పడిపోతుంది. పొద్దున పదకొండింటికి చెమటలు, వణుకు వస్తున్నాయంటే అందరూ ‘నీరసం’ అనుకుంటారు. ఇక అయిదోది, మోకాళ్ల బిళ్ల. ఇలాంటి నొప్పి మాత్రలు కిడ్నీలకు వెళ్లే రక్తాన్ని తగ్గిస్తాయి, బీపీని పెంచుతాయి. అదే సమయంలో టెల్మిసార్టాన్ కూడా వాడుతూ, వయసు పైబడి, షుగరు కూడా ఉంటే క్రియాటినిన్ పెరగడానికి ఇదొక్కటే చాలు. డాక్టరుగారు పాత క్రియాటినిన్ అడిగారంటే ఇప్పటి అంకె ఆయనకు కొంచెం ఎక్కువగా కనిపించి ఉంటుంది. ఈ మోకాళ్ల బిళ్ల ఏ చీటీలోనూ ఉండదు కాబట్టి మీరు చెబితే తప్ప ఆయనకు తెలిసే దారి లేదు. ఆయుర్వేదం మందులు, చెట్ల మందులు, కాల్షియం బిళ్లలు, కంటి చుక్కలు కూడా పట్టికలో ఎక్కించండి. ‘అది మందు కాదులే’ అని నాన్నగారే అంటారు, వినకండి.

పట్టిక పైన మూడు విషయాలు ఉండాలి. నాన్నగారి పేరు, వయసు, బరువు ఒక వరసలో. ఏ మందైనా పడక దద్దుర్లు, ఆయాసం వచ్చి ఉంటే దాని పేరు ఒక వరసలో. ఈ పట్టిక సరిచూసిన తేదీ ఒక వరసలో. కింద ఇంకో చిన్న భాగం పెట్టుకోండి, ఆపేసిన మందులు, ఎందుకు ఆపారు అని. ‘ఆమ్లోడిపిన్ 5, కాళ్లు వాచాయని ఆపారు’ అని ఒక్క ముక్క అక్కడ ఉంటే వచ్చే ఏడు ఇంకో డాక్టరు అదే మందు మళ్లీ రాయకుండా ఉంటారు. ఈ రెండో భాగాన్ని దాదాపు ఎవరూ రాయరు. నన్నడిగితే మొత్తం పట్టికలో అదే ఎక్కువ ఉపయోగం.

పట్టిక రాశాక మీ అంతట మీరు ఏదీ ఆపకండి. కాకపోతే ఒకే మందు రెండు పేర్లతో కనబడితే మాత్రం కాల్ దాకా ఆగొద్దు. ఆ రోజే ఆ మందు రాసిన డాక్టరుకు ఫోన్ చేసి అడగండి. షుగరు 70 కన్నా తగ్గినా, చెమటలు, వణుకు వచ్చినా ముందు మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించి పావుగంటకు మళ్లీ చూడాలి. ఫోన్ తర్వాత. తెలివి తప్పితే నోట్లో ఏమీ పోయకుండా 108కి చేయాలి.

ఇక రిపోర్టులు. ముప్పై అక్కర్లేదు, షుగరు, బీపీ ఉన్నవాళ్లకు ఆరేడు చాలు. ఈ ఏడాదివి మూడు నెలల సగటు షుగరు చెప్పే హెచ్‌బీఏ1సీ, క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్, కొలెస్ట్రాల్. ఆఖరిసారి తీసిన ఈసీజీ. కంటి డాక్టరు రెటీనా చూసి రాసిన కాగితం ఉంటే అది. ఎప్పుడైనా ఆసుపత్రిలో చేరి ఉంటే డిశ్చార్జి సమ్మరీ, ఇది ఎంత పాతదైనా సరే. మిగతా చీటీలు అన్నిటికన్నా ఆ రెండు పేజీలు మాకు ఎక్కువ చెబుతాయి.

క్రియాటినిన్ విషయంలో మాత్రం ఈ ఏడాదిది ఒక్కటే పంపితే లాభం లేదు. ఉదాహరణకి ఇప్పుడు 1.5 ఉందనుకుందాం. మూడేళ్లుగా 1.4, 1.5 దగ్గరే నిలబడి ఉంటే అది పాత సమస్య, మందులు అందుకు తగ్గట్టు సర్దుకుని నెమ్మదిగా చూసుకోవచ్చు. అదే పోయిన ఏడాది 1.0 ఉండి ఇప్పుడు 1.5 అయితే ఈ మధ్యనే ఏదో జరిగింది. నొప్పి బిళ్ల కావచ్చు, వాంతులు విరేచనాలతో ఒంట్లో నీరు తగ్గి ఉండొచ్చు, మూత్రం అడ్డుపడి ఉండొచ్చు. అంకె ఒకటే అయినా మేం చేసే పని వేరు. అందుకే సంచిలోంచి ముందు వెతకవలసింది పాత క్రియాటినిన్లు. దొరికినవన్నీ తేదీ వారీగా పట్టిక వెనక ఒకే వరసలో రాయండి, పక్కన ల్యాబ్ పేరు కూడా. హెచ్‌బీఏ1సీకి కూడా అలాంటి వరసే ఒకటి. ఆ రెండు వరసలు చూడటానికి నాకు అర నిమిషం చాలు.

ఒక మాట, ‘షుగరు 180’ అని ఒట్టి అంకె పంపకండి. పరగడుపునా, తిన్నాకా అన్నది పక్కన లేకపోతే దానికి అర్థం లేదు. తిన్నాక అంటే మొదటి ముద్ద పెట్టుకున్న దగ్గర్నుంచి రెండు గంటలు. హెచ్‌బీఏ1సీకి మాత్రం పరగడుపుతో పని లేదు, ఎప్పుడైనా ఇవ్వొచ్చు.

ఫొటోలు ఎందుకు కనపడలేదో ఇప్పుడు చూద్దాం. నాన్నగారు కాగితాన్ని ఫొటో తీసి వాట్సాప్‌లో మీకు పంపారు. వాట్సాప్ దాన్ని కుదించింది. మీరు దాన్ని దింపుకుని యాప్‌లోకి ఎక్కించారు, కొన్ని యాప్‌లు అక్కడ మళ్లీ కుదిస్తాయి. పెద్ద అక్షరాలు బాగానే ఉంటాయి, చుక్క పోతుంది. 1.4లో చుక్క కనపడకపోతే అది 14. రిపోర్టు కనపడలేదంటే డాక్టరు ఊహించి చెప్పరు, మళ్లీ పంపమంటారు. అలా అనడమే మంచిది.

అన్నిటికన్నా తేలిక దారి, కాగితాన్ని ఫొటో తీయకుండా ల్యాబ్ నుంచే పీడీఎఫ్ తెప్పించుకోవడం. రక్తం ఇచ్చేటప్పుడు కౌంటర్‌లో మీ నంబరు రాయించి, రిపోర్టు పీడీఎఫ్‌గా పంపమని అడగండి. చిన్న టౌన్లలో ల్యాబులు కూడా ఇప్పుడు పంపుతున్నాయి. మెసేజ్‌లో లింకు వస్తే అలా వదిలేయకుండా వెంటనే డౌన్‌లోడ్ చేసి దాచండి, కొన్ని లింకులు కొన్నాళ్లకు తెరుచుకోవు.

కాగితమే దిక్కయితే మామూలు కెమెరా కాకుండా స్కానర్ వాడమనండి. ఆండ్రాయిడ్ ఫోన్లో గూగుల్ డ్రైవ్ తెరిస్తే కెమెరా గుర్తుతో స్కాన్ చేసే వీలుంది. ఐఫోన్‌లో నోట్స్‌లో Scan Documents అని ఉంటుంది. ఇవి కాగితం అంచుల్ని అవే పట్టుకుంటాయి, వంకరను సరిచేస్తాయి, నాలుగు పేజీలనూ ఒకే పీడీఎఫ్ చేస్తాయి. పగటిపూట కిటికీ దగ్గర టేబుల్ మీద కాగితం పరిచి, ఫ్లాష్ ఆపేసి, చేతి నీడ పడకుండా తీయాలి. పై భాగం కత్తిరించొద్దు. పేరు, వయసు, రక్తం తీసిన తేదీ, ల్యాబ్ పేరు అక్కడే ఉంటాయి. కుడివైపు చివర ఉండే మామూలు హద్దుల గడి కూడా ఉండాలి. తీశాక ఫోన్లో తెరిచి అన్నిటికన్నా చిన్న అంకె ఒకటి పెద్దది చేసి చూడండి. చుక్కతో సహా మీరు చదవగలిగితే నేనూ చదవగలను. అది అమ్మగారి ఫోన్ నుంచి మీకు వచ్చేటప్పుడు వాట్సాప్‌లో గ్యాలరీ గుర్తు కాకుండా Document అన్నదాన్ని నొక్కి పంపాలి, అలా పంపితే కుదించదు. ఇది ఒక్కసారి అమ్మగారికి చేసి చూపిస్తే చాలు.

ఈసీజీ సంగతి కాస్త వేరు. చాలా ఈసీజీలు వేడికి అచ్చుపడే కాగితం మీద వస్తాయి. ఏడాది రెండేళ్లలో గీతలు వెలిసిపోతాయి. ల్యామినేషన్ చేయిస్తే ఆ వేడికి కాగితం మొత్తం నల్లబడి అసలుకే మోసం. తీసిన రోజే స్కాన్ చేయండి. పొడుగు కాగితం అయితే మడత విప్పి చదునుగా పెట్టి, అంచున ఉండే 25 mm/s, 10 mm/mV అన్న అక్షరాలతో సహా రావాలి. అవి లేకపోతే గళ్లు లెక్కపెట్టడం కుదరదు. ఎక్స్‌రే ఫిల్ము ట్యూబులైటు కింద ఫొటో తీస్తే లైటు మెరుపే కనిపిస్తుంది. పగలు కిటికీ అద్దానికి ఆనించి, ఫ్లాష్ లేకుండా, ఎదురుగా నిలబడి తీయాలి. సీటీ, ఎంఆర్‌ఐ ఫిల్ములకు మాత్రం ఈ కష్టం పడకండి, వాటితో వచ్చే రాత రిపోర్టు పీడీఎఫ్ చాలు. బొమ్మలు చూడాల్సి వస్తే డాక్టరే సీడీయో లింకో అడుగుతారు.

ఫైలుకు పేరు పెట్టడం చిన్న పనే కానీ మీ కాల్‌లో పోయిన టైమంతా ఇక్కడే మిగులుతుంది. ఏడాది ముందు, తర్వాత నెల, తర్వాత రోజు, ఆ తర్వాత ఎవరిది, ఏమిటి. ఇలా:

```
2025-08-12_naanna_creatinine.pdf
2025-08-12_naanna_hba1c.pdf
2024-07-03_naanna_ecg.pdf
```

ఏడాది ముందుంటే, పేరు వరసలో చూసినప్పుడు ఫైళ్లు వాటంతట అవే తేదీ వరసలోకి వస్తాయి. మనం మామూలుగా రాసే 12-08-2025 పద్ధతిలో పెడితే అన్ని ఏళ్ల పన్నెండో తేదీలూ ఒక చోట కుప్పపడతాయి. తేదీ అంటే రక్తం ఇచ్చిన తేదీ, మీరు స్కాన్ చేసిన తేదీ కాదు. డ్రైవ్‌లో నాన్నగారికి ఒక ఫోల్డరు, అమ్మగారికి ఒకటి. నాన్నగారి దాంట్లో రిపోర్టులు, చీటీలు, ఆసుపత్రి కాగితాలు అని మూడు. ఇంతకన్నా విభజిస్తే ఏది ఎక్కడ పెట్టామో మనకే గుర్తుండదు. మందుల పట్టికను మాత్రం ఫోల్డరు బయట పైనే ఉంచండి. ఒక ప్రింటు తీసి ఇంట్లో గోడకు అంటించమనండి. రాత్రివేళ ఆటోలో ఆసుపత్రికి పరిగెత్తాల్సి వస్తే ఫోన్ లాక్ తీసి వెతికే ఓపిక ఎవరికీ ఉండదు.

సంచిలో మిగిలిన వాటిలో పారేయగలిగినవి చాలా ఉంటాయి. రెండేళ్ల కిందటి జలుబు, జ్వరం చీటీలు, మందుల బిల్లులు తీసేయొచ్చు, బీమా క్లెయిము మిగిలి ఉంటే బిల్లులు మాత్రం ఆపండి. డిశ్చార్జి సమ్మరీలు, ఆపరేషన్ కాగితాలు, బయాప్సీ, పాత ఈసీజీ, ఎకో రిపోర్టులు ఫోన్లో స్కాన్ చేశాక కూడా అసలు కాగితం దాచాలి.

ఇక షాపతను మందులు ఇవ్వకపోవడం. ఇందులో తప్పు అతనిది కాదు. మీరు మీ నంబరుతో యాప్‌లో ఖాతా తెరిచి నేరుగా బుక్ చేశారు. యాప్ లెక్కలో పేషెంటు మీరే అయ్యారు. 34 ఏళ్లో 36 ఏళ్లో ఉన్న ఆడమనిషి పేరు మీద వచ్చిన చీటీతో 67 ఏళ్ల పెద్దాయనకు షుగరు మందులు ఇవ్వమంటే ఫార్మసిస్టు ఒప్పుకోకూడదు కూడా. దాదాపు అన్ని యాప్‌లలో కుటుంబ సభ్యుల్ని చేర్చే చోటు ఉంటుంది. నాన్నగారి పేరు, వయసు అక్కడ ఎక్కించి, బుక్ చేసేటప్పుడు ‘ఎవరి కోసం’ అన్న దగ్గర ఆయన్ని ఎంచుకోండి. పాత కాల్ చీటీని సరైన పేరుతో మళ్లీ ఇవ్వమని యాప్‌లోనే అడగొచ్చు. చీటీ వచ్చాక డాక్టరు పేరు, చదువు, మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరు, సంతకం, తేదీ ఉన్నాయో లేదో అప్పుడే చూసుకోండి. ఇవి ఉంటే ఫోన్లో వచ్చిన చీటీ కూడా చెల్లుతుంది. 2020 మార్చి 25న వచ్చిన టెలిమెడిసిన్ మార్గదర్శకాలు దీన్ని ఒప్పుకున్నాయి. అయినా ఒక ప్రింటు తీసి తీసుకెళితే షాపులో వాదన ఉండదు.

ఆ మార్గదర్శకాల్లోనే మీకు పనికొచ్చేవి ఇంకో రెండున్నాయి. ఒకే జబ్బుకు ఆరు నెలల్లోపు నేరుగా చూసిన డాక్టరు అయితే వీడియోలో మందులు కొనసాగించడం, అవసరమైతే కొత్తది జోడించడం ఆయనకు తేలిక. కొత్త డాక్టరుకు ఆ వెసులుబాటు తక్కువ. కాబట్టి యాప్‌లో ఖాళీగా కనిపించిన వాళ్లను కాకుండా, గుంటూరులోనో బాపట్లలోనో నాన్నగారు ఒకసారి వెళ్లి చూపించుకునే డాక్టరు వీడియోలో కూడా చూస్తారేమో కనుక్కోండి. ఆరు నెలలకోసారి నేరుగా, మధ్యలో వీడియోలో అనుకుంటే బాగుంటుంది. రెండోది, ఆల్ప్రజోలం లాంటి నిద్ర మాత్రలు వీడియోలో రాయకూడదు. అమ్మగారికో నాన్నగారికో ఆ అలవాటు ఉంటే డాక్టరు రాయట్లేదని కోపం తెచ్చుకోకండి.

కాల్ రోజున నాన్నగారు కాల్‌లో ఉండాలి. ‘ఆయన పొలానికి వెళ్లారు, నేను చెబుతాను’ అంటే నేను పెద్దగా ఏమీ చేయలేను. ఫోన్ అమ్మగారి చేతిలో కాకుండా స్టూలు మీద గ్లాసుకు ఆనించి పెట్టించండి, వెలుతురు ముఖం మీద పడాలి, వెనక నుంచి కాదు. మీరు బెంగళూరు నుంచి అదే కాల్‌లో చేరగలిగితే చేరండి, లేదంటే ఇంకో ఫోన్లో స్పీకరు పెట్టుకోవచ్చు. బొమ్మ ఆగిపోతే ఆడియోకి మారదామని మీరే అడగండి. పల్లెలో సిగ్నల్ కోసం మేడ ఎక్కి గాలిలో ఫోన్ ఊపడం కన్నా అదే నయం.

కాల్‌కు ముందు వారం బీపీ చూసి రాసి పెట్టాలి. పొద్దున మందు వేసుకోకముందు, సాయంత్రం మరోసారి. అయిదు నిమిషాలు వెనక్కి ఆనుకుని ఊరికే కూర్చున్నాక, చొక్కా చేయి మీదకు కాకుండా ఒంటి మీద పట్టీ కట్టి, చేయి గుండె ఎత్తున బల్ల మీద పెట్టి, నిమిషం తేడాతో రెండుసార్లు. మొదటి రోజువి వదిలేసి మిగతావి చూస్తాం. క్లినిక్‌లో నేను చూసే ఒక్క బీపీ కన్నా ఇలా ఇంట్లో రాసిన ఇరవై నాలుగు మీద నాకు నమ్మకం ఎక్కువ. కాల్ మధ్యలో కాళ్లు చూపించమంటాను. మోకాలి కింద ముందు ఎముక మీద బొటనవేలితో కొన్ని సెకన్లు గట్టిగా నొక్కి వదిలేసి, గుంట పడిందా, అలాగే నిలిచిందా అని కెమెరా దగ్గరగా పెట్టి చూపించాలి. షుగరు ఉన్నవాళ్లకు అరికాళ్లు, వేళ్ల సందులు కూడా. ఇది అమ్మగారికి ముందే చెప్పి ఉంచితే అప్పటికప్పుడు పంచె సర్దుకోవడం, లైటు వెతకడం ఉండవు.

గుండెలో నొప్పి, ఉన్నట్టుండి ఆయాసం, మూతి వంకరపోవడం, ఒక వైపు చేయి కాలు పట్టు తప్పడం, ఇలాంటివి వస్తే వీడియో కాల్ స్లాటు కోసం చూడకూడదు. 108కి ఫోన్ చేసి మందుల పట్టిక చేతిలో పట్టుకుని వెళ్లాలి.

ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య ఖాతా ఆభా నంబరు తీసుకోమంటారా అని చాలామంది అడుగుతారు. తీసుకోండి, ఖర్చేమీ లేదు. 14 అంకెల నంబరు, నాన్నగారి ఫోన్ నంబరుతోనే చేయించండి, ఓటీపీలు ఆయనకు వస్తాయి. దాంతో కలిసిన ఆసుపత్రులు, ల్యాబుల రిపోర్టులు ఒక చోట చూసుకోవచ్చు, మీరు ఒప్పుకుంటేనే ఇంకో డాక్టరు చూడగలరు. అయితే సంచిలోని పాత కాగితాలు వాటంతట అవి అందులోకి రావు, మీరు స్కాన్ చేసిందే గతి. వీడియో కాల్ కోసమని ఎవరైనా లింకు పంపి తెలియని యాప్ దించుకోమన్నా, ఓటీపీ చెప్పమన్నా కాల్ కట్ చేసేయమని నాన్నగారికి గట్టిగా చెప్పండి. ఏ డాక్టరుకూ మీ ఓటీపీతో పని ఉండదు.

చివరగా, ప్రతిసారీ యాప్‌లో డబ్బు కట్టాల్సిన పని కూడా లేదు. ప్రభుత్వం వీడియోలో డాక్టరును చూపించే సేవ, ఈ-సంజీవని, ఉచితం. ఫోన్ నంబరుతో చేరి మీరే టోకెన్ తీసుకుని మాట్లాడొచ్చు, చీటీ కూడా అందులోనే దింపుకోవచ్చు. అంతకన్నా మంచిది, నాన్నగారు ఊళ్లో ప్రభుత్వ హెల్త్ క్లినిక్‌కి నడిచి వెళ్లడం. అక్కడి కమ్యూనిటీ హెల్త్ ఆఫీసరు బీపీ, షుగరు చూసి తన పరికరం మీదే డాక్టరుతో కలుపుతారు. చేయి పట్టుకుని చూసే మనిషి ఒకరు పక్కనే ఉంటారు, సిగ్నల్ బాధ్యత కూడా వాళ్లదే. మామూలుగా మందులు కొనసాగించడానికి అది సరిపోతుంది. అక్కడికి వెళ్లేటప్పుడు కూడా ఆ మందుల పట్టిక, క్రియాటినిన్, హెచ్‌బీఏ1సీ వరసలు ప్రింటు తీసి ఇవ్వండి, మోకాళ్ల బిళ్ల పేరు అందులో ఉండేలా చూడండి.